బొట్టు కింది రెండు అక్షరాలు

మా ఆఫీసులో నా వెనక నన్ను కంప్లైంట్ బాక్స్ అనేవారు. ఆ పేరు పెట్టింది మేనేజరు. మొదటిసారి అన్నది రెండో అంతస్తు మెట్ల మీద. విన్నవాళ్లు ముగ్గురు, నవ్వినవాళ్లు ఇద్దరు. ఆ మూడో ఆయన నోట్లో సమోసా ఉంది కాబట్టి నవ్వలేదు, అంతే. ఇలాంటివి నేను మరిచిపోను. మరిచిపొమ్మని ఇంట్లో చెబుతారు, డాక్టరు చెబుతాడు. మరిచిపోతే జరగనట్టు అవుతుందా?

నేను పనిచేసింది రక్తపరీక్షల ల్యాబుల సంస్థలో. సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలో పెద్దాఫీసు, ఊళ్లో ఏడు చోట్ల ల్యాబులు. ఆ ఏడింటిలోని కంప్యూటర్లన్నీ విండోస్ మీద కాక లైనక్స్ మీద నడుస్తాయి. పదకొండేళ్లు వాటిని చూసుకున్నది నేనొక్కడినే. ఏదైనా నడిస్తే దానంతటది నడిచినట్టు, ఆగితే నేను ఆపినట్టు. ఆ పని నా చేతుల్లోంచి ఎలా పోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను. నా తప్పు కూడా ఉంది. దాన్ని కూడా రాస్తాను, కానీ దాని వంతు వచ్చినప్పుడే.

రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాది కాదు, వేరే కంపెనీది. వాళ్లు కొత్త వెర్షన్లను తమ రిపాజిటరీలో పెడతారు. రిపాజిటరీ అంటే సరుకు నిలవ ఉంచే గోదాము లాంటిది. మా యంత్రాలు అక్కడికి వెళ్లి కొత్తది ఉందేమో చూసుకుని తెచ్చుకుంటాయి. గోదాములోని సరుకు జాబితా మీద కంపెనీ వాళ్ల సంతకం ఉంటుంది. ఆ సంతకం నిజమైనదో కాదో పోల్చుకోవడానికి మా యంత్రం దగ్గర వాళ్ల కీ ఒకటి ఉంటుంది. బ్యాంకులో మన నమూనా సంతకం ఉంచుకున్నట్టు. చెక్కు మీది సంతకం నమూనాతో కలవకపోతే బ్యాంకు ఎలా ఆపుతుందో, మా యంత్రం కూడా అలాగే ఆపుతుంది. ఆపాలి కూడా. అక్కడి నుంచి వచ్చే సరుకుకు యంత్రంలో ప్రతి గదిలోకీ వెళ్లే అధికారం ఉంటుంది. ఎవరిదో తెలియని సరుకును లోపలికి రానిస్తే ఇక మిగిలేదేమీ లేదు.

దసరా వెళ్లి మూడు వారాలైంది. ఒక గురువారం పొద్దున అప్‌డేట్ మొదలుపెట్టాను. ఏడు యంత్రాలూ ఒకే మాట అన్నాయి. ఈ సంతకాన్ని సరిచూడలేను, దీని కీ నా దగ్గర లేదు, కాబట్టి ఈ రిపాజిటరీని సంతకం లేనిదిగానే చూస్తాను. కీ నంబరు కూడా చూపించాయి. కంపెనీవాళ్ల పాత కీ గడువు ఆ వారమే తీరింది. వాళ్లు కొత్త కీతో సంతకం పెట్టడం మొదలుపెట్టారు. ఆ కొత్తది మా దగ్గర లేదు.

ఇది వస్తుందని నాకు తెలుసు. మేనేజరుకు మూడు మెయిళ్లు రాశాను. ఫలానా వారంలో కీ మారుతుంది, ముందే ఒక రోజు కేటాయించండి అని. మూడింటికీ జవాబు లేదు. మూడోదాని తర్వాత రోజు క్యాంటీన్‌లో కనబడి, "సార్, మెయిల్‌లు కాదు, పనిచేసుకోండి" అన్నాడు. ఆ మాటకు పక్కన ఉన్న అకౌంట్స్ ఆవిడ టీ కప్పులోకి చూసింది.

ఈసారి అప్‌డేట్ ఊరికే వాయిదా వేసుకునేది కాదు. అప్పటి వెర్షన్‌లో ఒక లోపం ఉంది. చిన్నపిల్లల రిపోర్టుల్లో కొన్ని పరీక్షల పక్కన పెద్దవాళ్ల మామూలు విలువలు ప్రింటవుతున్నాయి. బాగానే ఉన్న బిడ్డకు తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ల్యాబువాళ్లు వాటిని పెన్నుతో కొట్టేసి సరైనవి రాసి, సంతకం చేసి ఇస్తున్నారు. కంపెనీవాళ్లు సరిచేసిన వెర్షన్ పెట్టారు, కానీ అది కొత్త కీ వెనక ఉంది.

మేనేజరు గదికి వెళ్లి చెప్పాను.

"కీ ఎక్స్‌పైర్ అయిందా?" అన్నాడు తల ఎత్తకుండా. "అంటే లైసెన్స్ రెన్యువల్ కట్టలేదా?"

"లైసెన్స్ కాదు. సంతకం పోల్చుకునే కీ. వాళ్లది మారింది. కొత్తది తెచ్చుకోవాలి."

"తెచ్చుకోండి మరి. నన్నెందుకు పరేషాన్ చేస్తున్నరు?"

"తెచ్చుకోవడం నిమిషం పని. అది నిజంగా వాళ్లదేనా అని చూసుకోవడమే పని."

అప్పుడు తల ఎత్తాడు. "సార్, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటది. వాళ్ల వెబ్‌సైట్‌లో వాళ్లది గాక మీ అత్తగారిది ఉంటదా?"

ఆ మాట కూడా నాకు గుర్తుంది. మా అత్తగారు పోయి అప్పటికి రెండు నెలలు. అతనికి తెలుసు, నా సెలవు కాగితం మీద సంతకం పెట్టింది అతనే.

శుక్రవారమంతా కంపెనీ హెల్ప్‌లైన్‌తో పోయింది. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఒక అమ్మాయి వచ్చి టికెట్, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోమంది. టికెట్ తీసుకుంటే, వెబ్‌సైట్ చూడమని జవాబొచ్చింది. నేను అడిగింది ఒక్కటే. మీ కొత్త కీ వేలిముద్ర ఫోన్లో చదవండి, నేను సరిచూసుకుంటాను. ప్రతి కీకి వేలిముద్ర లాంటిది ఒకటుంటుంది, నలభై అక్షరాలు. అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు ఇంగ్లీషు అక్షరాలు. కీ ఒక్క పిసరు మారినా అది పూర్తిగా మారిపోతుంది. వెబ్‌సైట్‌లో కీ ఉంది, దాని పక్కనే వేలిముద్ర కూడా ఉంది. కానీ కీని మార్చగలిగినవాడు దాని పక్కన రాసింది మార్చలేడా? రెండూ ఒకే చోటి నుంచి వస్తే అది ఒకే సాక్ష్యం. పాత కీతో కొత్త కీ మీద సంతకం పెట్టి విడుదల చేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆ సంగతి వాళ్లకు ఆర్నెల్ల కిందటే రాశాను. వాళ్లూ జవాబివ్వలేదు.

శనివారం పొద్దున పది గంటలకు మేనేజరు నా ఫోన్‌కు ఒక మెసేజ్ పంపాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడో చర్చావేదికలో దొరికిన ఒక కమాండు వరస, దాని కింద "ఈ లైన్ కొట్టండి చాలు" అని. చూశాను. తాళం లేని మామూలు దారిలో ఎవరి సర్వర్ నుంచో కీ తెచ్చి, యంత్రం మొత్తం నమ్మే కీల గుత్తిలో కలిపేయమంటుంది అది. అలా కలిపితే ఆ కీ ఉన్నవాడు ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే కాదు, యంత్రంలోకి వచ్చే ఏ సరుకుకైనా సంతకం పెట్టగలడు. నేను చేయనని రాశాను.

వెంటనే ఫోన్ చేశాడు. "ఆరింటి వరకు టైం. సాయంత్రం ఆరింటికి ఏడు ల్యాబులు అప్‌డేట్ అయి ఉండాలె. కాకపోతే బేగంపేట వాళ్లకు ఇచ్చేస్తా. మొత్తం. మళ్లీ నాకు మెయిల్ రాయొద్దు."

బేగంపేట వాళ్లంటే అక్కడ ఆఫీసు పెట్టుకున్న ఒక కంప్యూటర్ సర్వీసు కంపెనీ. ఏడాదిగా మేనేజరు గదికి వచ్చి పోతున్నారు. వాళ్లు వస్తే గదిలోకి బిస్కెట్లు కూడా వెళ్లేవి. ఏడు యంత్రాల పాస్‌వర్డు కాపీ అతని దగ్గర ఉంది. సీల్ చేసిన కవరులో నేనే ఇచ్చాను, ఆపద వస్తే వాడుకోమని.

నా దగ్గర రెండో సాక్ష్యం లేకపోలేదు. అంతకు ఏడాది ముందు కంపెనీ ఇంజినీరు ఒకాయన శిక్షణకని మెట్టుగూడ ల్యాబుకు వచ్చాడు. పద్ధతి తెలిసిన మనిషి. రాబోయే కీ వేలిముద్రను ఒక కాగితం మీద ప్రింటు తీసి, కంపెనీ ముద్ర వేసి, తన చేత్తో నాకిచ్చాడు. నేను దాన్ని ఆ ల్యాబులోనే, కంప్యూటర్ ఉన్న ఇనుప బీరువా పక్కన టేపుతో అంటించాను. పెద్దాఫీసులో పెడితే ఎవరో ఒకరు సమోసాల కింద పరుస్తారని. ఆ ఇంజినీరు తర్వాత ఉద్యోగం మారాడు, ఫోన్ నంబరు పనిచేయదు. కాగితం మాత్రం ఉంది.

మెట్టుగూడ ల్యాబు ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. నలభై దాటిన మనిషి. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది, నెమ్మదస్తురాలు. అందరూ ఆమెను అక్కా అంటారు, నేను అమ్మా అంటాను.

"బీరువా పక్కన నేనంటించిన కాగితం ఉంది కదమ్మా. అందులోవి ఒక్కొక్కటీ చదువు. నేను తెర మీద చూసుకుంటూ ఉంటాను."

ఆమె చదవడం మొదలుపెట్టింది. రెండో గుంపు దగ్గరే ఆగిపోయాం. ఫోన్లో బీ, డీ, ఈ మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి.

"బీనా, డీనా?"

"బీ సార్, బోయిగూడ బీ." ఒక్క క్షణం ఆగి, తనే నవ్వింది. "గిట్లనే చెప్త సార్, మంచిగుంటది. ఏ అంటే అల్వాల్. బీ బోయిగూడ. సీ చిలకలగూడ. డీకి మనకేమున్నది సార్?"

"నువ్వే చెప్పు."

"డీజిల్ షెడ్. మా నాయన డ్యూటీ ఆడనే. ఈ అంటే ఈస్ట్ మారేడుపల్లి. ఎఫ్ ఫతేనగర్. ఇగ రాసుకోండ్రి."

అలా ఆ వేలిముద్ర ఊరంతా తిరిగింది. "ఏడు, నాలుగు, బోయిగూడ, రెండు. ఫతేనగర్, సున్న, సున్న, అల్వాల్. మూడు, డీజిల్ షెడ్, ఎనిమిది, చిలకలగూడ..." తెర మీద ఒక్కొక్కటీ కలుస్తోంది. ప్రతి గుంపుకూ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటున్నాను. ఏళ్ల తర్వాత నాతో కలిసి ఒక మనిషి పని చేస్తున్నట్టు అనిపించింది. ఏడో గుంపు దగ్గర ఆమె గొంతు ఆగింది.

"నాలుగు... సార్, ఈడ బొట్టున్నది."

"ఏం బొట్టు?"

"ఆయుధపూజ బొట్టు సార్. మొన్న దసరాకు బీరువాకు పెట్టినం కద, పసుపు కుంకుమ తడిపి. కాగితం మీద సుత పడ్డది. నడుమ రెండు కనిపిస్తలేవు. చివరికి తొమ్మిది."

మా ల్యాబుల్లో ఆయుధపూజ గట్టిగా చేస్తారు. మైక్రోస్కోపుకు, ఫ్రిజ్‌కు, రక్తం తిప్పే యంత్రానికి, కంప్యూటర్‌కు, అన్నిటికీ బొట్లు. కీబోర్డు మీద పెట్టొద్దని ఏటా చెబుతాను. కాగితం మీద పెట్టొద్దని చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

మిగిలిన మూడు గుంపులూ చదివింది. అన్నీ కలిశాయి.

"ముప్పై ఎనిమిది కలిసినయి సార్," అంది ఆమె లెక్కపెట్టుకుని. "రెండే కద."

"నలభై అంటే నలభై."

"అది సరే సార్. రిజిస్టర్ల సుత..."

"రిజిస్టర్ల గొడవ తర్వాత అమ్మా. నేను వస్తున్నాను. ఆ కాగితాన్ని ఎవరూ ముట్టుకోవద్దు." ఫోన్ పెట్టేశాను.

ఇక్కడే నా తప్పు మొదలైంది. నిజానికి ముప్పై ఎనిమిది కలిసినప్పుడే ఆ పని అయిపోయింది. ఇంకో కీ తయారుచేసి, దాని వేలిముద్రలో ముప్పై ఎనిమిది చోట్ల ఇవే అక్షరాలు పడేలా చేయడం మనిషి వల్ల కాదు, మనకున్న యంత్రాల వల్లా కాదు. మిగిలిన రెండూ చూడకపోయినా నష్టం లేదు. అది నాకు తెలియని సంగతి కాదు. ఎవరైనా అడిగితే నేనే అలా చెప్పేవాణ్ని. కానీ ఆ రోజు నాకు నలభై కావాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపడానికి సందు ఉండకూడదు. నన్ను చూసి ఎవరూ మళ్లీ మెట్ల మీద నవ్వకూడదు. యంత్రం అడిగేదానికంటే ఎక్కువ నేను అడిగాను.

మెట్టుగూడ చేరేసరికి పన్నెండు దాటింది. ఆమె లేదు. రైల్వే క్వార్టర్స్‌లో ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకురావడం శనివారాలు ఆమె పని. ల్యాబులో రిసెప్షన్ ఆవిడ ఒక్కతే ఉంది, ముందు కూర్చున్న జనంతో మాట్లాడుతోంది. నేను లోపలికి వెళ్లి బీరువా ముందు కూర్చున్నాను.

బొట్టు రూపాయి బిళ్లంత ఉంది. కుంకుమ ఎండి గట్టిపడి, దాని చుట్టూ పసుపు తడి ఆరిన మరక. గోటితో గీరితే పైపొర రాలింది, కింద ఎర్రగా ఇంకిపోయి ఉంది. బల్ల మీద సూది గుచ్చే ముందు తుడిచే స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. దూదిని తడిపి మెల్లగా అద్దాను. కుంకుమ వదులుతోంది. సంతోషించాను. ఇంకోసారి అద్దాను. ఎరుపు కిందినుంచి నీలం బయటికి వచ్చింది. ఒక క్షణం అర్థం కాలేదు. అది సిరా. ఆ ఇంజినీరు ప్రింటు తీసింది ఇంక్ చల్లే ప్రింటరు మీద. ఏడో గుంపు, దాని కింద తొమ్మిది, పదో గుంపులు, కంపెనీ ముద్రలో సగం, అన్నీ కలిసి నీలం మడుగై దూదిలోకి వచ్చేశాయి.

దూదిని బల్ల మీద పెట్టి, ఆమె వచ్చేదాకా అక్కడే ఆగాను. అవమానం అంటే ఎదుటివాడు చేసేది అనుకునేవాణ్ని. గదిలో ఎవరూ లేరు. రక్తం తిప్పే యంత్రం తిరుగుతోంది. దాని నుదుటి మీద బొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె మూడున్నరకు వచ్చింది. చేతిలో ఐస్ డబ్బా, నుదుట చెమట. నన్ను చూసింది, కాగితాన్ని చూసింది, దూదిని చూసింది.

"ఏందీ సార్, స్పిరిట్ పెట్టి తుడిచిన్రా?"

"అవును."

"స్లైడుల మీద పేరు రాసిన ఇంకే స్పిరిట్ తగిలితే పోతది సార్. గందుకే మేం పెన్సిల్‌తోని రాస్తం." డబ్బా కింద పెట్టింది. "అయినా తుడుసుడెందుకు? రిజిస్టర్ల ఉన్నది కద."

"ఏ రిజిస్టరు?"

ఆమె నన్ను వింతగా చూసింది. అరలోంచి పొడుగాటి అట్ట రిజిస్టరు తీసి, పేజీలు తిప్పి నా ముందు పెట్టింది. అది రీయేజెంట్ల రిజిస్టరు. పరీక్షలకు వాడే మందులు వచ్చినప్పుడు లాట్ నంబరు, వచ్చిన రోజు, గడువు తేదీ రాసుకునేది. ఏడాది కిందటి పేజీలో, రెండు మందుల పెట్టెల మధ్య, ఆమె గుండ్రటి చేతిరాత. పేరు ఉండే చోట "కంప్యూటర్ కీ (కొత్తది)". లాట్ నంబరు ఉండే చోట నలభై అక్షరాలు, గడిలో పట్టక రెండు వరసల్లో. గడువు గడిలో గడువు. సరిచూసినవారు అనే గడిలో ఆమె పొడి అక్షరాలు.

"గా ఇంజినీర్ సారు ఇచ్చిన దినమే రాసిన సార్. గడువున్నది ఏదొచ్చినా రాస్తం కద మేము. గడువు దాటిన రీయేజెంట్ వాడితే రిజల్ట్ నమ్మొద్దు, గదీ గంతేనేమో అనుకున్న." తర్వాత కాస్త తగ్గి, "మీకు అప్పుడే చెప్పిన సార్. రాసి పెట్టిన అని. మీరు మంచిపని చేసినవమ్మా అన్నరు."

అన్నానట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. మెట్ల మీద ఎవరు నవ్వారో, ఎవరి నోట్లో ఏముందో గుర్తుంది. ఇది లేదు.

"పొద్దున ఫోన్‌ల చెప్పబోతే మీరు పెట్టేసిన్రు," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

ఇద్దరం కూర్చున్నాం. ఆమె చదివింది, నేను టిక్కు పెట్టాను. ఏడో గుంపు వచ్చింది. "నాలుగు, ఫతేనగర్, ఆరు, తొమ్మిది." తెర మీద అదే. నలభైకి నలభై.

తర్వాతి పనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కంపెనీ సైట్ నుంచి తెచ్చిన కీ ఫైలును ఎక్కడా కలపకుండా ముందు విప్పి చూసి, అందులో ఈ ఒక్క కీ మాత్రమే ఉందని నిర్ధారించుకున్నాను. దాన్ని విడిగా ఒక ఫోల్డర్లో పెట్టాను. రిపాజిటరీ చిరునామా రాసి ఉన్న ఫైల్లో, ఈ కీ ఈ రిపాజిటరీకి మాత్రమే చెల్లుతుందని రాశాను. గడువు తీరిన పాతదాన్ని తీసేశాను. అప్‌డేట్ కొట్టాను. యంత్రం గొణగకుండా జాబితా తెచ్చుకుంది, సంతకం సరిపోయింది, కొత్త వెర్షన్ ఎక్కింది. ఆమె పొద్దున పెన్నుతో దిద్దిన ఒక బిడ్డ రిపోర్టు మళ్లీ ప్రింటు తీసింది. పక్కన పిల్లల విలువలే వచ్చాయి.

"మంచిగొచ్చింది సార్," అంది, కాగితాన్ని వెలుగులో పట్టుకుని.

అప్పుడు నాలుగూ నలభై. మిగిలిన ఆరు యంత్రాలకు ఇక్కడి నుంచే చేయవచ్చు, అరగంట చాలు. ఆరింటికి ముందే అయిపోతుంది. మేనేజరుకు ఫోన్ చేశాను. గెలిచినవాడి గొంతుతోనే చేశానని ఒప్పుకుంటాను.

"సరిచూశాను. నలభైకి నలభై. మెట్టుగూడ అయిపోయింది. మిగతావి అరగంటలో..."

"అయిపోయినయి సార్," అన్నాడు. "బేగంపేట వాళ్లకు రెండింటికే చెప్పిన. పావుగంటల ఆరు చేసేసిన్రు. మెట్టుగూడ ఒక్కటి లాగిన్ కాలేదన్నరు."

"ఆరింటి దాకా టైం ఇచ్చారు మీరు."

"రెండింటి వరకు మీ ఫోన్ లేదు, మెయిల్ లేదు. ఫస్ట్ టైం మీ నుంచి మెయిల్ రాలే సార్. నేను భయపడ్డ." నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు.

"ఏ కీతో చేశారు వాళ్లు?"

"కీ గీ ఏం లేదంట. ఆ మెసేజే రాకుండ చేసేసిన్రు."

ఫోన్ పెట్టేసి అల్వాల్ ల్యాబు యంత్రంలోకి వెళ్లి చూశాను. పాస్‌వర్డు ఇంకా మార్చలేదు. రిపాజిటరీ చిరునామా పక్కన రెండు పదాలు చేర్చారు. నమ్ము, అవును. ఈ గోదాము నుంచి ఏది వచ్చినా, సంతకం ఉన్నా లేకున్నా, కలిసినా కలవకున్నా, నమ్మమని. బోయిగూడలో అదే. ఆరింటిలోనూ అదే. నేను ఏడాది కాగితం దాచి, రెండు అక్షరాల కోసం పూట పోగొట్టుకున్న చోట, వాళ్లు రెండు పదాలు రాసి వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఒక్క పదం ఎక్కువ కాకుండా, నెమ్మదిగా, ఇది తాళం బాగుచేయడం కాదు, తలుపు తీసేయడం అని.

"సార్, నడుస్తున్నయా లేదా?"

"నడుస్తున్నాయి."

"పిల్లల రిపోర్ట్‌లు మంచిగొస్తున్నయా?"

"వస్తున్నాయి."

"మరి తక్లీఫ్ ఏంది మీకు?"

దానికి జవాబు ఉంది. పది నిమిషాల జవాబు. అతను వినడు, నాకు తెలుసు. ముప్పై ఎనిమిది కలిసినప్పుడే ఊరుకుని ఉంటే, పొద్దున పదకొండున్నరకే ఏడు యంత్రాలూ సరైన కీతో నడిచేవి, బేగంపేటకు ఫోన్ వెళ్లేదే కాదు. మొదటిసారి ఫిర్యాదు ఎవరి మీద చేయాలో తెలియలేదు.

సోమవారం పాస్‌వర్డులు మారాయి. నన్ను స్టోర్స్ రికార్డులకు వేశారు. సూదులు, సీసాలు, దూది లెక్క. దూది అని కాగితం మీద చూసినప్పుడల్లా వేళ్లకు నీలం అంటినట్టు ఉండేది. మూడు నెలలు చేసి మానేశాను. వీడ్కోలు సభ పెట్టలేదు. పెట్టి ఉంటే వెళ్లేవాణ్ని కాదు, కానీ పెట్టలేదు, అది కూడా గుర్తుంది.

ఆ తర్వాత ఒకసారి మెట్టుగూడ ల్యాబుకు వెళ్లాను, షుగరు పరీక్షకు. ఇంటికి దగ్గర ల్యాబు ఇంకొకటి ఉంది, అయినా అక్కడికే వెళ్లాను. ఆమె రక్తం తీసుకుంది. బీరువా పక్కన కాగితం లేదు, టేపు అంచులు మాత్రం ఉన్నాయి.

"బేగంపేటోళ్లు గా సోమవారమే వచ్చి ఇదీ మిగతావాటి లెక్కనే చేసిన్రు సార్," అంది దూది అదుముతూ. "మీరు పెట్టింది తీసేసిన్రు. అన్నీ ఒక తీరుగ ఉండాలె అన్నరు."

"ఏమైనా మెసేజులు వస్తున్నాయా?"

"ఏం వస్తలేవు సార్. ఇప్పుడది ఏం అడుగుతలేదు. ఏదొస్తే అది తీసుకుంటది, ఊకుంటది."

రిపోర్టు ప్రింటు అవుతుండగా ఆమె రిజిస్టరు తీసి పాత పేజీ తెరిచింది. నలభై అక్షరాలు అలాగే ఉన్నాయి. గడువు గడి మీద వేలు పెట్టింది.

"ఇంకో ఏడాదిన్నర ఉన్నది సార్ దీనికి. మందులైతే నెల ముందు స్టోర్స్‌కు చెప్తం. గిది అయిపోయినప్పుడు ఎవరికి చెప్పాలె?"

నాకు తెలిసినంతలో చెప్పే చోటు లేదు. ఆ రోజు గడువు తీరినా యంత్రం ఏమీ అనదు, అననివ్వకుండా చేశారు. మేనేజరుకు చెప్పమనబోయి ఆగాను. ఆమెకు కూడా ఒక పేరు పెడతారు.

"నువ్వు మాత్రం రాసి ఉంచమ్మా," అన్నాను.

"రాసే ఉన్నది కద సార్," అని ఆమె రిపోర్టు నా చేతికిచ్చి, తర్వాతి టోకెన్ నంబరు పిలిచింది.